ఆర్‌డీ మెచ్యూరిటీ సొమ్మును మీరే లెక్కకట్టడం ఎలా: మూడు నెలల చక్రవడ్డీ సూత్రం, నెలనెలా సరిచూపు

నల్లగొండలో మా వీధిలోనే కుట్టుపని చేసుకునే ఒక చెల్లెలు, నెలకు 2,000 రూపాయల చొప్పున ఏడాదిపాటు ఆర్‌డీ కట్టి, మెచ్యూరిటీ దగ్గరపడినప్పుడు బ్యాంకువారు చెప్పిన అంకెను ఒక చీటీ మీద రాసుకొని మా ఇంటికి వచ్చింది. "అన్నా, ఇరవై నాలుగు వేలు కట్టిన. ఆరు శాతమంటే పద్నాలుగు వందల నలభై రావాలె గదా? ఏడు వందల తొంభయ్యే వస్తయంటున్రు. మిగిలిన పైసలు యాడ బోయినయ్?" అని అడిగింది. ఆమె చేసిన గుణకారంలో తప్పేమీ లేదు. బ్యాంకు చెప్పిన అంకె కూడా తప్పు కాదు. ఆ రెండింటి మధ్య తేడా ఎక్కడినుంచి వచ్చిందో చూపించడానికి ఆ రోజు నోటుపుస్తకంలో వేసిన లెక్కనే ఇక్కడ ఒక్కొక్క మెట్టుగా రాస్తున్నాను. మీ పాస్‌బుక్‌ను, ఘాతాలు కట్టగలిగే కాలిక్యులేటరున్న ఫోనును దగ్గర పెట్టుకొని చదివితే మీ ఖాతాకు కూడా ఇదే లెక్కను వేసుకోవచ్చు.

మొదటి మెట్టు: నాలుగు సంగతులు రాసిపెట్టుకోండి

నెలనెలా కట్టే కిస్తు ఎంత, ఏడాదికి వడ్డీ ఎంత శాతం, మొత్తం ఎన్ని నెలలు, ఖాతా ఏ తేదీన తెరిచారు అన్నవి ఆ నాలుగు సంగతులు. మన ఉదాహరణలో కిస్తు 2,000 రూపాయలు, వడ్డీ 6 శాతం, గడువు 12 నెలలు, ఖాతా తెరిచినది ఏప్రిల్ 5.

తేదీ విషయంలో ఒక చిన్న జాగ్రత్త అవసరం. ఖాతా తెరిచిన రోజునే మొదటి కిస్తు పడుతుంది కాబట్టి, పన్నెండవ కిస్తు మరుసటి ఏడు మార్చి 5న పడుతుంది. కానీ సొమ్ము చేతికి వచ్చేది మార్చి 5న కాదు, ఏప్రిల్ 5న. చివరి కిస్తు కూడా ఒక నెలపాటు బ్యాంకులో ఉండి వడ్డీ సంపాదించిన తరువాతనే ఖాతా ముగుస్తుంది. సూత్రమంతా ఈ ఒక్క నెల మీద ఆధారపడి ఉంటుందని ముందుముందు మీకే తెలుస్తుంది.

రెండవ మెట్టు: ముందుగా బారువడ్డీతో ఒక అంచనా కట్టండి

మన పల్లెల్లో వడ్డీని శాతాల్లో చెప్పుకోరు. నూటికి నెలకు ఎంత అని చెప్పుకుంటారు. ఏడాదికి 6 శాతమంటే నూటికి నెలకు అర్ధరూపాయి వడ్డీ అన్నమాట. ఆ లెక్కన 2,000 రూపాయల మీద నెలకు 10 రూపాయలు వస్తుంది.

ఇప్పుడు ఒక్కో కిస్తు ఎన్ని నెలలపాటు బ్యాంకులో ఉందో చూడండి. ఏప్రిల్‌లో వేసినది 12 నెలలు, మేలో వేసినది 11 నెలలు ఉంటుంది. అలా తగ్గుతూ వచ్చి మార్చిలో వేసినది ఒక్క నెల మాత్రమే ఉంటుంది. పన్నెండు నుంచి ఒకటి దాకా కూడితే 78 వస్తుంది. నెలకు 10 రూపాయల చొప్పున 78 నెలలకు 780 రూపాయలు.

చెల్లెలి ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. ఇరవై నాలుగు వేలకు ఏడాది వడ్డీ 1,440 రూపాయలు రావాలంటే ఆ ఇరవై నాలుగు వేలూ మొదటి రోజు నుంచే బ్యాంకులో ఉండాలి. ఆమె సొమ్మేమో సగటున 13,000 రూపాయలు మాత్రమే ఏడాదంతా ఉన్నట్టు లెక్క, ఎందుకంటే 78ని 12తో భాగించి 2,000తో హెచ్చిస్తే వచ్చేది అదే. పదమూడు వేలకు 6 శాతం సరిగ్గా 780 రూపాయలు. బ్యాంకు చెప్పిన 790లో పైనున్న పది రూపాయల చిల్లర చక్రవడ్డీ వల్ల వచ్చింది. ఈ అంచనాను ఎప్పుడూ పక్కన రాసి ఉంచుకోండి. తరువాత సూత్రంతో వచ్చే అంకె దీనికంటే తక్కువగా ఉన్నా, గడువు ఏడాదే అయివుండి వందల్లో ఎక్కువగా ఉన్నా, ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

మూడవ మెట్టు: పాస్‌బుక్ పద్ధతిలో నెలనెలా రాయండి

మూడు నెలలకోసారి చక్రవడ్డీ అంటే, ఆ మూడు నెలల్లో పుట్టిన వడ్డీ మూడవ నెల ముగిసేదాకా అసలులో కలవదు, ముగిసిన రోజున కలుస్తుంది, ఆ తరువాత దాని మీద కూడా వడ్డీ నడుస్తుంది అని అర్థం. మధ్యలోని నెలల్లో నిల్వ మీద నూటికి అర్ధరూపాయి చొప్పున బారువడ్డీ వేసి పక్కన రాసుకుంటూ పోవాలి.

| నెల | కిస్తు వేశాక నిల్వ (రూ.) | ఆ నెల వడ్డీ (రూ.) |
|---|---|---|
| 1 | 2,000.00 | 10.00 |
| 2 | 4,000.00 | 20.00 |
| 3 | 6,000.00 | 30.00 |
| 4 | 8,060.00 | 40.30 |
| 5 | 10,060.00 | 50.30 |
| 6 | 12,060.00 | 60.30 |
| 7 | 14,210.90 | 71.05 |
| 8 | 16,210.90 | 81.05 |
| 9 | 18,210.90 | 91.05 |
| 10 | 20,454.06 | 102.27 |
| 11 | 22,454.06 | 112.27 |
| 12 | 24,454.06 | 122.27 |

మూడవ నెల చివర 10, 20, 30 కలిపి 60 రూపాయలు అసలులో కలిశాయి. అందుకే నాలుగవ నెలలో కిస్తు పడగానే నిల్వ 8,000 కాక 8,060 అయింది. ఆరవ నెల చివర 150 రూపాయల 90 పైసలు కలిశాయి. తొమ్మిదవ నెల చివర 243.16 కలిసింది, పట్టికలోని మూడు అంకెలను కూడితే 243.15 వస్తుంది గాని, ఒక్కో నెలలో వదిలేసిన పైసల కంటే చిన్న భాగాలను ముందు కూడి తరువాత సవరిస్తే 243.16 అవుతుంది. పన్నెండవ నెల చివర 336.81 కలిసింది. నాలుగు వడ్డీలూ కూడితే 790.87 రూపాయలు, అసలు 24,000తో కలిపితే 24,790.87 రూపాయలు.

ఈ పట్టికలో ఒక వరుస గమనించండి. ప్రతి మూడు నెలల్లోనూ కొత్తగా పడిన మూడు కిస్తులు, వాటి మీద వడ్డీ కలిపి 6,060 రూపాయలే అవుతాయి. పాత నిల్వ మీద నూటికి రూపాయిన్నర చొప్పున వడ్డీ చేరుతుంది. అంటే పాత నిల్వను 1.015తో హెచ్చించి దానికి 6,060 కలిపితే మూడు నెలల తరువాతి నిల్వ ఒక్క గీతలో వచ్చేస్తుంది. 6,060ని 1.015తో హెచ్చిస్తే 6,150.90, దానికి 6,060 కలిపితే 12,210.90. అయిదేళ్ల ఖాతాకు అరవై వరుసలు రాయడానికి ఓపిక లేనివారు ఇరవై గీతలతో పని ముగించవచ్చు.

నాలుగవ మెట్టు: బ్యాంకు సూత్రాన్ని రాబట్టండి

మన దేశంలో బ్యాంకులు సాధారణంగా వాడే సూత్రం ఇది:

```
M = R × [(1 + i)^n − 1] / [1 − (1 + i)^(−1/3)]
```

ఇందులో M మెచ్యూరిటీ సొమ్ము, R నెల కిస్తు, n ఎన్ని త్రైమాసికాలు, i ఒక త్రైమాసికపు వడ్డీ. ఏడాది వడ్డీ శాతాన్ని 400తో భాగిస్తే i వస్తుంది. మన ఉదాహరణకు 6 భాగించు 400, అంటే 0.015. పన్నెండు నెలలకు n విలువ 4. చూడగానే బెదిరించేది హారంలో ఉన్న మైనస్ మూడో వంతు ఘాతం. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే మిగిలినదంతా పదవ తరగతి గుణశ్రేఢి పాఠమే.

ఒక కిస్తు మూడు నెలలుంటే (1 + i) రెట్లు అవుతుంది. మరి ఒక్క నెలే ఉంటే ఎన్ని రెట్లు కావాలి? మూడుసార్లు వరుసగా హెచ్చిస్తే (1 + i) కావలసిన సంఖ్య అది, అంటే (1 + i) యొక్క ఘనమూలం. దానిని v అనుకుందాం. 1.015కు ఘనమూలం 1.00497521. నూటికి నెలకు అర్ధరూపాయి అని మనం అనుకున్న చోట ఇక్కడ నూటికి 49.75 పైసలే పడుతున్నదని గమనించండి, ఎందుకంటే ఈ సూత్రంలో వడ్డీ నెలనెలా తనమీద తాను పెరుగుతూ మూడు నెలలకు సరిగ్గా నూటికి రూపాయిన్నర కావాలి గాని అంతకుమించకూడదు.

ఇప్పుడు చివరి కిస్తు నుంచి వెనక్కి నడవండి. పన్నెండవ కిస్తు ఒక నెల ఉండి v రెట్లు, పదకొండవది రెండు నెలలుండి v² రెట్లు, అలా మొదటి కిస్తు v¹² రెట్లు అవుతుంది. మొత్తం నెలలను N అనుకుంటే:

```
M = R × (v + v² + v³ + … + v^N)
```

ఇది మొదటి పదం v, సామాన్య నిష్పత్తి v ఉన్న గుణశ్రేఢి. మొత్తాన్ని S అనుకొని, v తో హెచ్చించి, హెచ్చించిన దాంట్లోనుంచి మొదటిదాన్ని తీసివేస్తే మధ్యలోని పదాలన్నీ కొట్టుకుపోయి రెండు చివరలే మిగులుతాయి:

```
vS − S = v^(N+1) − v
S = v × (v^N − 1) / (v − 1)
```

లవంలో v అనే గుణకం ఒకటి వేలాడుతున్నది. లవాన్ని, హారాన్ని రెండింటినీ v తో భాగిస్తే లవంలో (v^N − 1) మాత్రమే మిగిలి, హారం (1 − 1/v) అవుతుంది. ఘనమూలం యొక్క విలోమమే మైనస్ మూడో వంతు ఘాతం. అదీ ఆ వింత హారం కథ. ఇక v^N సంగతి: N నెలలంటే 3n నెలలు కాబట్టి v^N అన్నా (1 + i)^n అన్నా ఒకటే. బ్యాంకు సూత్రం పూర్తిగా వచ్చేసింది.

లవంలోని v, చివరి కిస్తు కూడా ఒక నెల ఉందని చెప్పే గుర్తు. కిస్తులు నెల మొదట్లో కాకుండా నెలాఖరున పడతాయనుకుంటే శ్రేఢి 1 తో మొదలై v^(N−1) తో ముగుస్తుంది, ఆ v మాయమవుతుంది, హారం (v − 1) గా ఉండిపోతుంది. ఆర్‌డీకి అది వర్తించదు.

అయిదవ మెట్టు: అంకెలు వేయండి, ఘనమూలాన్ని కత్తిరించకండి

1.015 నాలుగవ ఘాతం 1.06136355. అందులోనుంచి ఒకటి తీసేస్తే లవం 0.06136355, దానిని 2,000తో హెచ్చిస్తే 122.7271. హారం కోసం 1ని 1.00497521తో భాగించి, వచ్చిన 0.99504942ను ఒకటిలోనుంచి తీసివేస్తే 0.00495058. మధ్యలో ఎక్కడా కత్తిరించకుండా కాలిక్యులేటరులోనే భాగిస్తే 24,790.47 రూపాయలు వస్తుంది.

చాలామంది లెక్క తప్పేది సరిగ్గా ఇక్కడే. ఘనమూలాన్ని నాలుగు దశాంశాలకు కుదించి 1.0050 అని రాసుకుంటే హారం 0.004975 అయి, జవాబు 24,668 రూపాయలకు పడిపోతుంది. ఎక్కడో నాలుగో దశాంశం దగ్గర చేసిన చిన్న సవరణ జవాబులో 122 రూపాయలను మింగేసింది. అయిదు దశాంశాలు ఉంచినా 24 రూపాయల దాకా తేడా ఉంటుంది. కారణం హారం చాలా చిన్నది కావడమే: ఒకటికి దాదాపు సమానమైన సంఖ్యను ఒకటిలోనుంచి తీసివేసినప్పుడు ముందున్న అంకెలన్నీ పోయి, మనం నిర్లక్ష్యంగా కత్తిరించిన చివరి అంకెలే మిగులుతాయి. ఎనిమిది దశాంశాలు ఉంచితే తేడా రెండు పైసలకు దిగుతుంది. కాబట్టి కాగితం మీద ఘనమూలం రాసుకోకండి; ఫోనులో మొత్తం గీతను ఒక్కసారే టైపు చేయండి:

```
2000*(1.015^4-1)/(1-1.015^(-1/3))
```

ఎక్సెల్ వాడేవారికి ఇదే పని చేసే ఫంక్షన్ ఉంది:

```
=FV((1+0.06/4)^(1/3)-1, 12, -2000, 0, 1)
```

చివరన ఉన్న 1, కిస్తు నెల మొదట్లో పడుతుందని చెప్పే అంకె. దానిని వదిలేస్తే ఎక్సెల్ నెలాఖరు కిస్తులుగా భావించి 24,667.74 చూపిస్తుంది. విచిత్రంగా ఇది పైన ఘనమూలాన్ని కత్తిరించినప్పుడు వచ్చిన తప్పుకు దాదాపు సమానం. కాబట్టి మీ జవాబు 120 రూపాయల చిల్లర తగ్గితే రెండు చోట్లా వెతకండి. ఒక తప్పు దిద్దుకొని ఇంకొకటి వదిలేసే ప్రమాదం ఉంది.

ఆరవ మెట్టు: సూత్రాన్ని కూడా నెలనెలా పరీక్షించండి

సూత్రం ఇచ్చిన 24,790.47ను గుడ్డిగా నమ్మనవసరం లేదు. ప్రతి నెలా కిస్తు కలిపి, మొత్తాన్ని v తో హెచ్చిస్తూ పోతే అదే రావాలి. మొదటి నెల చివర 2,009.95, దానికి 2,000 కలిపి హెచ్చిస్తే రెండవ నెల చివర 4,029.90; మూడవ నెల చివర 6,059.90. ఇంత దూరం రాగానే ఆగి, మూడవ నెలలో పుట్టిన వడ్డీ ఎంతో చూడండి: 4,029.90కి 2,000 కలిపితే 6,029.90, అది 6,059.90 అయింది, అంటే వడ్డీ సరిగ్గా 30 రూపాయలు.

అది కాకతాళీయం కాదు. ఏ నెలలోనైనా పుట్టే వడ్డీ, ఆ నెల చివరి నిల్వలోనుంచి ముందు నెల చివరి నిల్వను, కొత్త కిస్తును తీసివేయగా మిగిలేది. రెండు నిల్వలనూ శ్రేఢులుగా రాసి తీసివేస్తే ఒక్క పదమే మిగులుతుంది: k వ నెల వడ్డీ = R × (v^k − 1). మూడవ నెలకు v³ అంటే 1.015 కాబట్టి వడ్డీ 2,000 × 0.015 = 30. ఆరవ నెలకు 1.015 వర్గం 1.030225 కాబట్టి 60.45. తొమ్మిదవ నెలకు 91.36, పన్నెండవ నెలకు 122.73. ఘనమూలంతో పని లేకుండానే ఈ నాలుగు నెలలను సరిచూడవచ్చు గనుక, మీరు రాసిన పట్టికలో గుణకారం ఎక్కడ దారితప్పిందో తెలుసుకోవడానికి వీటిని మైలురాళ్లుగా వాడుకోండి. నాకు ఈ పద్ధతి మొత్తం సూత్రం కంటే ఎక్కువ నచ్చింది.

త్రైమాసికాల చివర నిల్వలు 6,059.90, 12,210.70, 18,453.76, 24,790.47 అని వస్తే మీ లెక్క సరైనదే.

ఏడవ మెట్టు: ఆ నలభై పైసలు ఎక్కడివి?

పాస్‌బుక్ పద్ధతిలో 24,790.87, సూత్రంతో 24,790.47. నలభై పైసల కోసం ఎవరూ బ్యాంకుకు వెళ్లరు గాని, అది ఎక్కడిదో తెలియకపోతే రెండింటిలో ఒకటి తప్పేమోనన్న అనుమానం మిగిలిపోతుంది. మొదటి మూడు నెలలను పక్కపక్కన పెట్టండి. మూడు నెలలున్న కిస్తుకు రెండు పద్ధతుల్లోనూ 30 రూపాయలే వడ్డీ. రెండు నెలలున్న కిస్తుకు పాస్‌బుక్ పద్ధతిలో 20 రూపాయలు, సూత్రంలో 19.95. ఒక నెల ఉన్న కిస్తుకు 10 రూపాయలు, సూత్రంలో 9.95. ప్రతి త్రైమాసికంలోనూ మధ్యలో పడిన ఆ రెండు కిస్తుల దగ్గర అయిదేసి పైసల చొప్పున పది పైసలు తేడా వస్తుంది. నాలుగు త్రైమాసికాలకు నలభై పైసలు, వాటి మీద కొద్దిపాటి వడ్డీ, అదే 24,790.87కూ 24,790.47కూ మధ్య ఉన్నది. చక్రవడ్డీ అంటే ఎప్పుడూ బారువడ్డీ కంటే ఎక్కువ అని మనకు అలవాటైన నమ్మకం త్రైమాసికం లోపల తలకిందులవుతుంది. పూర్తి కాలానికి వడ్డీ రెండింటికీ సమానమైనప్పుడు, మధ్య దారిలో బారువడ్డీయే ముందుంటుంది.

గడువు మూడు నెలల లెక్కకు సరిపోనప్పుడు ఈ తేడా రూపాయల్లోకి వస్తుంది. ఇదే ఖాతా 14 నెలలకైతే సూత్రంలో n స్థానంలో 14/3 వేయాలి, 29,067.66 వస్తుంది. పన్నెండు నెలల తరువాతి రెండు నెలలకూ బారువడ్డీ వేస్తే 29,068.78. మిగిలిపోయిన నెలలకు తమ బ్యాంకు ఏ పద్ధతి వాడుతుందో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

తేడా ఇంతకంటే ఎక్కువగా ఉంటే

బ్యాంకు అంకెకూ మీ అంకెకూ తేడా ఎంతో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. మీ జవాబు బ్యాంకుదానికంటే నాలుగు రూపాయలు ఎక్కువై 24,794.48 వచ్చిందంటే, మీరు నెలకు 0.5 శాతం చొప్పున నెలనెలా చక్రవడ్డీ వేశారు. ఇంటర్నెట్‌లో దొరికే కొన్ని కాలిక్యులేటర్లు చేసేదీ ఇదే. తేడా ఒకటి రెండు రూపాయలే అయితే, బ్యాంకు నెలల బదులు రోజులు లెక్కబెట్టి ఉండవచ్చు లేదా వడ్డీని ఖాతా తెరిచిన తేదీ నుంచి కాక జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలాఖరుల్లో కలుపుతూ ఉండవచ్చు.

తేడా 30, 60, 90 రూపాయలుగా ఉంటే ఆలస్యపు రుసుము కోసం పాస్‌బుక్ వెతకండి. సేవింగ్స్ ఖాతాలో నిల్వ లేక కిస్తు పడకపోతే, నూటికి నెలకు రూపాయిన్నర వసూలు చేసే బ్యాంకులు ఉన్నాయి. 2,000 రూపాయల కిస్తు ఒక నెల ఆలస్యమైతే మీరు కోల్పోయే వడ్డీ దాదాపు 10 రూపాయలే, రుసుము 30 రూపాయలు. పోస్టాఫీసు అయిదేళ్ల ఆర్‌డీలో ఈ రుసుము నూటికి రూపాయి. మిర్యాలగూడలో ధాన్యం అమ్మిన నెలలో చేతినిండా పైసలుండి, తరువాతి నెల ఖాళీ అయ్యే రైతు కుటుంబాలకు ఇది పట్టించుకోవలసిన విషయం. వీలైతే డబ్బున్న నెలలోనే తరువాతి కిస్తుల సొమ్మును సేవింగ్స్ ఖాతాలో వదిలేయాలి.

పెద్ద ఖాతాల్లో టీడీఎస్ కూడా ఒక కారణం. ఆర్‌డీ వడ్డీ 2015 జూన్ 1 నుంచి టీడీఎస్ పరిధిలోకి వచ్చింది. సూత్రం ఇచ్చేది కోతకు ముందున్న అంకె. మధ్యలో బ్యాంకు కొంత కోసుకుంటే కోసిన సొమ్ముతోపాటు దాని మీద రావలసిన చక్రవడ్డీ కూడా తగ్గుతుంది. మన చెల్లెలి ఖాతాలాంటి చిన్న మొత్తాలకు ఈ చింత లేదు.

ఇదే లెక్క పోస్టాఫీసు ఖాతాకు

పోస్టాఫీసు ఆర్‌డీ 60 నెలల ఖాతా, చక్రవడ్డీ అక్కడ కూడా మూడు నెలలకోసారే. 2023 అక్టోబరు 1 నుంచి అమలైన 6.7 శాతం వడ్డీతో వేసి చూద్దాం. i విలువ 0.01675, n విలువ 20. నెలకు 100 రూపాయలకు:

```
100*(1.01675^20-1)/(1-1.01675^(-1/3)) = 7136.58
```

ఆ లెక్కన నెలకు 2,000 రూపాయలు కట్టేవారికి అయిదేళ్ల తరువాత 1,42,731.66 రూపాయలు వస్తాయి. కట్టినది 1,20,000, వడ్డీ 22,731.66. బారువడ్డీ అంచనాతో పోల్చండి: ఒకటి నుంచి అరవై దాకా కూడితే 1,830, నెలకు 2,000 మీద వడ్డీ 11 రూపాయల 17 పైసలు, మొత్తం దాదాపు 20,435. ఏడాది ఖాతాలో పది రూపాయలే తెచ్చిన చక్రవడ్డీ, అయిదేళ్ల ఖాతాలో సుమారు 2,300 రూపాయలు తెచ్చింది. ఖాతా తెరిచిన నాటి వడ్డీరేటే అయిదేళ్లూ నడుస్తుంది కాబట్టి, మీ i విలువను మీ పాస్‌బుక్ మొదటి పేజీలోని తేదీ నాటి రేటుతో కట్టండి, ఇవాళ కౌంటర్ దగ్గర అంటించిన రేటుతో కాదు.

చెల్లెలు నోటుపుస్తకంలోని పట్టికను ఫోనులో ఫొటో తీసుకొని, 78 అన్న అంకె చుట్టూ తానే ఒక గీత గీసుకొని పోయింది. ఏప్రిల్ 5న ఆమె ఖాతాలో పడిన సొమ్ము 24,790 రూపాయలు; పైసలను బ్యాంకు దగ్గరి రూపాయికి సవరించింది.